పరిశోధన పేరాను మామూలు తెలుగులోకి తేవడం: ఒక బీపీ అధ్యయనం ఉదాహరణగా

అమెరికాలో జరిగిన ‘స్ప్రింట్’ అనే బీపీ అధ్యయనం 2015 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. దాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే చాలామంది కలం నుంచి వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: “బీపీ 120 లోపు ఉంచుకుంటే గుండెపోటు ముప్పు 25 శాతం తగ్గుతుంది.” వాక్యం చిన్నది, పదాలు అందరికీ తెలిసినవే, చదవగానే అర్థమవుతుంది. కానీ ఇందులో నాలుగు తప్పులున్నాయి. అవి వైద్యం తెలియక వచ్చినవి కావు. పేరాను తేలిక చేసే పద్ధతిలో ఎక్కడెక్కడ జారిపోతామో అక్కడే పుట్టినవి. ఈ అధ్యయనం సారాంశ పేరానే తీసుకుని, దాన్ని చదివినవారు తప్పుదారి పట్టకుండా మామూలు తెలుగులోకి ఎలా తేవాలో మెట్టుమెట్టుగా చూద్దాం.

మన ముందున్న పేరా

పేపరు మొదట్లో ఉండే సారాంశంలోని విషయాన్ని శాస్త్ర పరిభాషలోనే తెలుగులో పెడితే దాదాపు ఇలా ఉంటుంది:

> మధుమేహం లేని, హృదయనాళ ప్రమాదం అధికంగా గల, సిస్టాలిక్ రక్తపీడనం 130 లేదా అంతకు మించి ఉన్న 9,361 మందిని 120 లోపు లక్ష్యం గల తీవ్ర చికిత్సకు లేదా 140 లోపు లక్ష్యం గల ప్రామాణిక చికిత్సకు యాదృచ్ఛికంగా కేటాయించడం జరిగింది. గుండెపోటు, ఇతర తీవ్ర కరోనరీ సిండ్రోములు, పక్షవాతం, హృదయ వైఫల్యం, హృదయనాళ కారణాల వల్ల మరణం కలిపి ప్రాథమిక సంయుక్త ఫలితాంశంగా నిర్వచించబడినవి. ఏడాది తర్వాత సగటు సిస్టాలిక్ పీడనం తీవ్ర చికిత్స సమూహంలో 121.4, ప్రామాణిక సమూహంలో 136.2. మధ్యస్థ అనుసరణ కాలం 3.26 సంవత్సరాల వద్ద, ప్రాథమిక ఫలితాంశం రేటు తీవ్ర చికిత్స సమూహంలో గణనీయంగా తక్కువగా ఉన్నందున (ఏడాదికి 1.65 శాతం, 2.19 శాతం; హజార్డ్ నిష్పత్తి 0.75, 95 శాతం విశ్వాస అంతరం 0.64–0.89) అధ్యయనం ముందుగా నిలిపివేయబడినది. సర్వకారణ మరణాలు సైతం గణనీయంగా తక్కువ (హజార్డ్ నిష్పత్తి 0.73). అల్ప రక్తపీడనం, మూర్ఛ, ఎలక్ట్రోలైట్ అసమతుల్యత, తీవ్ర మూత్రపిండ హాని వంటి తీవ్ర ప్రతికూల సంఘటనలు తీవ్ర చికిత్స సమూహంలో అధికం; గాయపరిచే పతనాలు మాత్రం అధికం కాలేదు.

మొదటి మెట్టు: ఎవరి కోసం రాస్తున్నారో ఒక మనిషిని అనుకోండి

‘సామాన్య పాఠకుడు’ అని గాల్లో అనుకుంటే లాభం లేదు. ఈ పేరాకు సరిపోయే మనిషి: పదో తరగతి వరకు చదువుకున్నారు, ఇంట్లో ఒకరు రోజూ బీపీ మాత్ర వేసుకుంటున్నారు, మనం రాసింది ఫోన్‌లో చదువుతారు. ఈ మనిషికి బీపీ, షుగర్, కిడ్నీ, మాత్ర అన్న మాటలు బాగా తెలుసు. సిస్టాలిక్, నిష్పత్తి, ఫలితాంశం తెలియవు.

ఆ మనిషి చదివాక ఏం చేసే ప్రమాదముందో కూడా ఇప్పుడే కాగితం పైన రాసి పెట్టుకోండి. ఇక్కడ అది స్పష్టం: డాక్టరును అడగకుండా మాత్రలు పెంచుకోవడం, లేదా ‘కిడ్నీ దెబ్బతింటుందట’ అని ఉన్న మాత్ర మానేయడం. తర్వాత ఏ వాక్యం ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ ఈ రెండింటినీ చూసుకుని తేల్చుకోవచ్చు. నిడివి కూడా ముందే అనుకోండి. ఇలాంటి పేరాకు 150 నుంచి 200 పదాలు చాలు.

రెండో మెట్టు: పేరాను సంగతులుగా విడగొట్టండి

వాక్యం వెంట వాక్యం మార్చుకుంటూ పోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. పరిశోధకులు ఒక్క వాక్యంలో నాలుగైదు సంగతులు కుక్కుతారు. ఆ వాక్యాన్ని ‘తేలిక’ చేసేటప్పుడు వాటిలో ఒకటో రెండో మనకు తెలియకుండానే రాలిపోతాయి. అందుకని ముందు సంగతులను ఒక్కోటి ఒక్కో వరుసలో, నంబరు వేసి, వాడుక మాటల్లో రాయండి. అందంగా ఉండనక్కర్లేదు. మన పేరా నుంచి వచ్చే జాబితా ఇది:

1. 9,361 మంది పాల్గొన్నారు. షుగర్ లేదు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ, పై బీపీ 130 లేదా ఆపైన.
2. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ వేసినట్టు నిర్ణయించారు.
3. ఒక గుంపుకు 120 లోపు గురి, ఇంకో గుంపుకు 140 లోపు గురి.
4. ఏడాదికి నిజంగా చేరింది సగటున 121.4, 136.2.
5. ఐదు రకాల ఘటనలను కలిపి ఒకటిగా లెక్కపెట్టారు.
6. 120 గురి పెట్టిన గుంపులో ఆ లెక్క తక్కువ వచ్చింది.
7. ఎంత తక్కువ, ఆ అంకె ఎంత అటూ ఇటూ కావొచ్చు.
8. ఏ కారణంతోనైనా చనిపోయినవారూ ఆ గుంపులో తక్కువే.
9. అందుకే అనుకున్నదానికంటే ముందే ఆపారు. సుమారు మూడేళ్ల మూడు నెలలు గడిచాయి.
10. అదే గుంపులో కొన్ని తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి. దెబ్బలు తగిలేలా పడిపోవడం మాత్రం పెరగలేదు.

మూడు, నాలుగు సంగతులను వేరుగా రాసినప్పుడే ఒక తేడా కళ్లబడుతుంది. గురి 120 లోపు, చేరిన సగటు 121.4. అంటే ఆ గుంపులో చాలామంది 120 లోపుకి రానేలేదు. “బీపీ 120 లోపు ఉంచుకుంటే” అన్న మాట ఈ అధ్యయనం చెప్పనిది. “120 లోపుకి తేవాలని మందులు సర్దితే” అన్నది చెప్పినది. మన వాక్యంలో మొదటి తప్పు ఇదే. రెండూ ఒకే వాక్యంలో ఉన్నంతసేపు ఇది కనబడదు.

ఈ జాబితాను దాచుకోండి. చివర్లో సరిచూసుకోవడానికి మళ్లీ ఇదే కావాలి.

మూడో మెట్టు: పేరాలో లేనివాటి కోసం పేపరు లోపలికి వెళ్లండి

సారాంశ పేరా తోటి నిపుణుల కోసం రాసింది. వాళ్లకు తెలిసిన సంగతులను అందులో చెప్పరు. మామూలు పాఠకుడికి అవే ముఖ్యం. పూర్తి పేపరులో మూడు చోట్ల చూడండి: ఎవరిని చేర్చుకున్నారు, ఏది ఎలా కొలిచారు, విడి లెక్కల పట్టిక.

స్ప్రింట్‌లో ఎవరిని చేర్చుకున్నారో చూస్తే, అందరికీ 50 ఏళ్లు లేదా ఆపైన. అంతకుముందు స్ట్రోక్ వచ్చినవారిని చేర్చుకోలేదు. సారాంశ పేరాలో షుగర్ సంగతి ఉంది కానీ స్ట్రోక్ సంగతి లేదు. మన పాఠకుడి ఇంట్లో స్ట్రోక్ వచ్చిన పెద్దవారు ఉంటే ఈ ఒక్క వరుస ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

కొలిచిన తీరులో ఇంకా పెద్ద సంగతి ఉంది. బీపీని ఆటోమేటిక్ మిషన్‌తో, మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాక, మూడుసార్లు చూసి సగటు తీశారు. కిక్కిరిసిన ఓపీలో, మెట్లెక్కి వచ్చీ రాగానే చూసే బీపీ సాధారణంగా దానికంటే ఎక్కువే చూపిస్తుంది. అలా చూసిన అంకెను 120కి దించాలని చూస్తే, మనిషి అసలు బీపీ 120 కంటే బాగా కిందికి పోవచ్చు. కాబట్టి ‘120’ అన్న అంకె రాస్తే, ‘కాసేపు కూర్చోబెట్టి మిషన్‌తో చూసినది’ అన్న మాట దాని పక్కనే ఉండాలి. నిడివి సరిపోలేదని దీన్ని కోసెయ్యకండి.

విడి లెక్కల పట్టిక గురించి ఐదో మెట్టులో చెప్పుకుందాం. మన వాక్యంలోని రెండో తప్పు అక్కడ ఉంది.

నాలుగో మెట్టు: పదాలను మూడు కుప్పలు చేయండి

పేరాలోని ప్రతి పరిభాష పదాన్నీ ఈ మూడిట్లో ఒకదాంట్లో వేయండి: అలాగే ఉంచేవి, మార్చేవి, పూర్తిగా వదిలేసేవి.

అలాగే ఉంచేవి జనం నోట్లో ఉన్న పదాలు. బీపీ, షుగర్, స్ట్రోక్, కిడ్నీ ఇంగ్లిష్ నుంచి వచ్చినవే అయినా ‘రక్తపీడనం’, ‘మూత్రపిండం’ కంటే త్వరగా అర్థమవుతాయి. అచ్చ తెలుగు కోసమో సంస్కృత గాంభీర్యం కోసమో వీటిని మార్చడం పాఠకుడికి అన్యాయం చేయడమే. సిస్టాలిక్‌కు ‘పై బీపీ’ లేదా ‘రెండు అంకెల్లో పైది’ అంటే చాలు.

వదిలేసేవి: హజార్డ్ నిష్పత్తి, విశ్వాస అంతరం అన్న పేర్లు. పేర్లనే వదలాలి, అవి చెప్పే సంగతిని కాదు. దాన్ని అంకెల మెట్టులో చూద్దాం.

మార్చేవాటిలోనే అసలు ప్రమాదం ఉంది. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. తెలుగులో కొన్ని పదాలకు నిపుణుడు అనుకునే అర్థం ఒకటి, ఇంట్లో వాడే అర్థం ఇంకొకటి.

‘మూర్ఛ’ అంటే డాక్టరు రాతలో కాసేపు స్పృహ తప్పడం. ఊళ్లో మూర్ఛ అంటే ఫిట్స్. పేరాలో ఉన్నట్టే రాస్తే, బీపీ మందులతో ఫిట్స్ వస్తాయని పాఠకుడు అనుకుంటాడు. సరే, ‘కళ్లు తిరిగి పడిపోవడం’ అని రాద్దామా? అదీ కుదరదు. అదే పేరా చివర్లో ‘దెబ్బలు తగిలేలా పడిపోవడం పెరగలేదు’ అని ఉంది. రెండు చోట్లా ‘పడిపోవడం’ వస్తే ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని కొట్టేస్తుంది. ‘కాసేపు స్పృహ తప్పడం’ అని ఒకచోట, ‘పడి దెబ్బలు తగలడం’ అని ఇంకోచోట రాస్తే చిక్కు విడిపోతుంది.

‘హృదయ వైఫల్యం’ లేదా ‘గుండె విఫలం కావడం’ అన్నమాట వినగానే చాలామంది గుండె ఆగిపోయిందనుకుంటారు. నిజానికది గుండె బలహీనపడి, ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోయే జబ్బు. దీనికి ఒక్క పదం వెతకడం మానేసి ‘గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా పంపలేకపోవడం’ అని వివరించండి. ఐదు పదాలు ఎక్కువైనా ఫర్వాలేదు.

‘గణనీయంగా’ అన్నది ఇంకో ఉచ్చు. తెలుగులో గణనీయమంటే బాగా పెద్దది, లెక్కలోకి తీసుకోదగినంత. గణాంకాల్లో దాని అర్థం, ‘కాకతాళీయంగా ఇంత తేడా వచ్చే అవకాశం చాలా తక్కువ’ అని మాత్రమే. తేడా చిన్నదైనా గణాంకపరంగా ‘గణనీయం’ కావొచ్చు. ఈ మాటను మీ రాతలో ఎక్కడా వాడకండి. ఎంత తేడా వచ్చిందో అంకెతో చెప్పండి.

ఇక ‘తీవ్ర’. మన పేరాలో ఇది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ‘తీవ్ర చికిత్స’లో గట్టిగా ప్రయత్నించడం, ‘తీవ్ర కరోనరీ’లో, ‘తీవ్ర మూత్రపిండ హాని’లో అకస్మాత్తుగా రావడం, ‘తీవ్ర ప్రతికూల సంఘటన’లో ప్రాణం మీదికి రావడం లేదా ఆసుపత్రిలో చేరాల్సి రావడం వంటిది. మూడు వేరు వేరు భావాలకు తెలుగు పరిభాష ఒకే పదం ఇచ్చింది. మీ ముసాయిదాలో దీన్ని మూడుగా విడదీయండి: ‘120 గురి గుంపు’, ‘అకస్మాత్తుగా’, ‘ఆసుపత్రి దాకా తీసుకెళ్లేంత’. తెలుగు పరిభాష పేరాలన్నింటిలో ఇలాంటి పదం ఒకటైనా ఉంటుంది. ఒకే పదం మూడుసార్లు కనిపిస్తే మూడుచోట్లా ఒకే అర్థమా అని మూలంలో చూసి తేల్చుకోండి.

‘ప్రతికూల సంఘటన’ను ‘దుష్ప్రభావం’ అని మార్చడం కూడా తొందరపాటే. దుష్ప్రభావమంటే మందు వల్ల వచ్చిందని ముందే తేల్చేసినట్టు. అధ్యయనంలో మాత్రం కారణం ఏదైనా సరే, వచ్చిన ప్రతి ఇబ్బందినీ లెక్కించి, రెండు గుంపుల్లో తేడా చూశారు. ‘ఇలాంటి ఇబ్బందులు ఆ గుంపులో ఎక్కువ మందికి వచ్చాయి’ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టవుతుంది.

ఐదో మెట్టు: మూట కట్టిన ఫలితాన్ని విప్పి చూడండి

మన వాక్యంలోని రెండో తప్పు ‘గుండెపోటు’ అన్న పదం. 25 శాతం తగ్గింది గుండెపోటు కాదు, ఐదు ఘటనలను కలిపి కట్టిన మూట. పరిశోధకులు ఇలా ఎందుకు కలుపుతారంటే, ఒక్కో ఘటన తక్కువ మందికే వస్తుంది. విడివిడిగా చూస్తే తేడా తేలడానికి ఇంకా చాలా మంది, ఇంకా చాలా ఏళ్లు కావాలి. కలిపితే లెక్క పెద్దదవుతుంది. అందులో తప్పేమీ లేదు. మూట మొత్తానికి వచ్చిన ఫలితాన్ని అందులో ఒకదానికి అంటగట్టడమే తప్పు.

విడి లెక్కల పట్టికలో ఇలా ఉంది. గుండెపోటు 120 గురి గుంపులో 97 మందికి, 140 గురి గుంపులో 116 మందికి వచ్చింది. స్ట్రోక్ 62, 70. ఈ రెండు తేడాలూ కాకతాళీయం కావని ఈ అధ్యయనం తేల్చి చెప్పలేకపోయింది. గుండె బలహీనపడటం 62, 100. గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం 37, 65. ఈ రెండింట్లో తేడా స్పష్టంగా తేలింది. అంటే మూటకు బరువు ఎక్కువగా వచ్చింది ఈ రెండింటి నుంచి. జనానికి బాగా తెలిసిన గుండెపోటును ముందు పెట్టి రాస్తే, ఈ అధ్యయనం తేల్చినదాన్ని దాచి, తేల్చనిదాన్ని చాటినట్టవుతుంది.

మీ రాతలో మూటను మూటగానే చెప్పండి: ‘గుండెపోటు, స్ట్రోక్, గుండె బలహీనపడటం వంటి పెద్ద సమస్యల్లో ఏదో ఒకటి’. చోటుంటే ఏది స్పష్టంగా తగ్గిందో ఒక వాక్యం కలపండి. ‘కరోనరీ సిండ్రోములు’ లాంటి భాగాన్ని ‘వంటి’లో కలిపేసినా అర్థం చెడదు.

ఆరో మెట్టు: అంకెలను వెయ్యి మంది మీదికి తెండి

మూడో తప్పు 25 శాతం. అంకె సరైనదే. హజార్డ్ నిష్పత్తి 0.75 అంటే దాదాపు పావు వంతు తగ్గుదల. కానీ దేనిలో పావు వంతు? అది చెప్పకపోతే పాఠకుడు ‘నూటికి పాతిక మంది బయటపడతారు’ అని లెక్కవేసుకుంటాడు.

సరైన లెక్క ఇలా కట్టాలి. పేపరులోంచి ఒక్కో గుంపులో మొత్తం ఎందరు, వారిలో ఎందరికి సమస్య వచ్చిందో తీసుకోండి. 140 గురి గుంపులో 4,683 మందిలో 319 మందికి, 120 గురి గుంపులో 4,678 మందిలో 243 మందికి. భాగించి వెయ్యితో హెచ్చవేయండి. 68, 52. కాబట్టి: వెయ్యి మందిలో 68 మందికి రావాల్సింది 52 మందికి వచ్చింది. 16 మంది తగ్గారు. కాలం మర్చిపోవద్దు: సుమారు మూడేళ్ల మూడు నెలల్లో. కాలం లేని ముప్పు అంకెకు అర్థం లేదు. మరణాలకు కూడా ఇదే పద్ధతి: 210 మంది, 155 మంది. వెయ్యికి 45, 33.

ఆ తర్వాత ఇబ్బందులను కూడా అదే వెయ్యి మంది మీద, అదే కాలానికి చెప్పాలి. మేలును శాతంలో, కీడును వెయ్యికి ఇంతమందని చెబితే (లేదా అటుది ఇటు చేసినా) పాఠకుడు రెండింటినీ పోల్చుకోలేడు. ఈ అధ్యయనంలో అకస్మాత్తుగా కిడ్నీ దెబ్బతినడం 2.5 శాతం నుంచి 4.1కి పెరిగింది, అంటే వెయ్యికి 25 నుంచి 41. బీపీ మరీ పడిపోవడం 14 నుంచి 24. స్పృహ తప్పడం 17 నుంచి 23.

ఇక్కడ ఒక హెచ్చరిక. మేలు 16, కిడ్నీ లెక్క కూడా 16. ‘రెండూ సమానం, లాభం లేదు’ అని పాఠకుడు తీర్మానించేస్తాడు. ఆ రెండు పదహార్లు ఒకే బరువున్నవి కావు. ఒకవైపు మరణాలు కూడా ఉన్నాయి. అకస్మాత్తుగా కిడ్నీ దెబ్బతినడమంటే శాశ్వతంగా పాడైందని కాదు. అందుకని ‘కిడ్నీలు పాడవడం’ అని రాయకండి. ‘కిడ్నీల పనితీరు అకస్మాత్తుగా దెబ్బతినడం’ అనండి. పైగా మొత్తం తీవ్రమైన ఇబ్బందులన్నీ కలిపి చూస్తే రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు: 38.3 శాతం, 37.1 శాతం.

ఇక విశ్వాస అంతరం. 0.64 నుంచి 0.89 అంటే తగ్గుదల 11 నుంచి 36 శాతం మధ్య ఎక్కడైనా ఉండే అవకాశం ఉంది. దీన్ని వెయ్యి మంది మీదికి తెస్తే, 52 అన్నచోట సుమారు 44 నుంచి 60 దాకా ఉండొచ్చు. 68ని కదలకుండా ఉంచి వేసిన ఉజ్జాయింపు ఇది, సంగతి చెప్పడానికి చాలు. ‘తగ్గుతుందన్నది గట్టిగా తేలింది, ఎంత తగ్గుతుందన్నది కొంత అటూ ఇటూ కావొచ్చు’ అన్న ఒక్క వాక్యంతో పాఠకుడికి అందుతుంది.

నాలుగో తప్పు, ‘తగ్గుతుంది’ అని అందరికీ వర్తించేలా చెప్పడం. అధ్యయనంలో ఉన్నవారికి ‘తగ్గింది’. షుగర్ ఉన్నవారికి, స్ట్రోక్ వచ్చినవారికి, 50 లోపు వారికి ఏమవుతుందో ఈ అధ్యయనం చెప్పదు. క్రియను భూతకాలంలో ఉంచి, కర్తగా ‘ఆ గుంపులోనివారు’ అని పెడితే ఈ తప్పు దానంతటదే పోతుంది.

ఏడో మెట్టు: అమర్చడం, వాక్యాలు విరవడం

పేపరు వరుస వేరు: ముందు ఎవరు, ఎలా, ఆ తర్వాత ఏం తేలింది. పాఠకుడికి ముందు ఏం తేలిందో చెప్పాలి, వెంటనే ఎవరిలో అన్నది. ఇబ్బందులను చివరి పేరాకు నెట్టకండి. ఫోన్‌లో చివరిదాకా అందరూ చదవరు. మేలు చెప్పిన వెంటనే వాటిని చెప్పండి.

తెలుగు వాక్యంలో కొత్త పాఠకుడిని అలసట పెట్టేవి కర్తకు ముందు గుచ్చిన విశేషణాల దండ, చివర్లో ‘బడినది’. మన పేరా మొదటి వాక్యంలో ‘లేని’, ‘గల’, ‘ఉన్న’ అని మూడు తగిలాక కానీ మనుషులు కనబడరు. మనుషులను ముందుకు తెచ్చి, ఒక్కో లక్షణానికి ఒక్కో చిన్న వాక్యం ఇవ్వండి: “వీరందరికీ 50 ఏళ్లు లేదా ఆపైన. ఎవరికీ షుగర్ లేదు.” ‘నిలిపివేయబడినది’ కాదు, ‘ఆపేశారు’. అయితే ‘ముందే ఆపేశారు’ అని మాత్రమే రాస్తే ఏదో ప్రమాదం జరిగి ఆపారనుకుంటారు. ‘మేలు స్పష్టంగా కనబడటంతో’ అన్న కారణం అదే వాక్యంలో ఉండాలి. అలా ముందే ఆపిన అధ్యయనాల్లో మేలు అసలు ఉన్నదానికంటే కాస్త పెద్దగా కనబడే అవకాశముంది. తేడా బాగా కనిపించిన క్షణాన ఆపుతారు కాబట్టి.

ఇదంతా చేశాక వచ్చే రాత ఇది:

> బీపీని ఇంకాస్త తగ్గించాలని చూస్తే మేలేనా?
>
> బీపీ మందులతో పై అంకెను 140 లోపు కాకుండా 120 లోపుకి తేవాలని ప్రయత్నించినవారిలో గుండె, రక్తనాళాల పెద్ద సమస్యలు, మరణాలు తగ్గాయి. కొన్ని తీవ్రమైన ఇబ్బందులు మాత్రం పెరిగాయి.
>
> అమెరికాలో జరిగిన ఈ అధ్యయనంలో 9,361 మంది పాల్గొన్నారు. వీరందరికీ 50 ఏళ్లు లేదా ఆపైన. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉంది. ఎవరికీ షుగర్ లేదు, అంతకుముందు స్ట్రోక్ రాలేదు. చీటీ వేసినట్టు వీరిని రెండు గుంపులు చేశారు.
>
> సుమారు మూడేళ్ల మూడు నెలల్లో, 140 గురి పెట్టిన గుంపులో వెయ్యికి 68 మందికి గుండెపోటు, స్ట్రోక్, గుండె బలహీనపడటం వంటి సమస్య ఏదో ఒకటి వచ్చింది. 120 గురి పెట్టిన గుంపులో 52 మందికి వచ్చింది. చనిపోయినవారు వెయ్యికి 45 నుంచి 33కి తగ్గారు.
>
> అదే సమయంలో, కిడ్నీల పనితీరు అకస్మాత్తుగా దెబ్బతిన్నవారు వెయ్యికి 25 నుంచి 41కి పెరిగారు. బీపీ మరీ పడిపోవడం, కాసేపు స్పృహ తప్పడం, ఒంట్లో లవణాల తేడాలు కూడా ఎక్కువ మందికి వచ్చాయి. పడి దెబ్బలు తగలడం పెరగలేదు.
>
> మేలు స్పష్టంగా కనబడటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. మేలు ఎంత అన్న అంకె కొంత అటూ ఇటూ కావొచ్చు. 120 గురి పెట్టినా, ఆ గుంపు సగటు 121 దగ్గర ఆగింది.
>
> ఇందులో బీపీని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మిషన్‌తో మూడుసార్లు చూశారు. హడావిడిగా చూసిన బీపీని ఈ అంకెలతో పోల్చకూడదు. షుగర్ ఉన్నవారికి, స్ట్రోక్ వచ్చినవారికి ఈ ఫలితం వర్తిస్తుందని చెప్పలేం. మాత్రలు పెంచడం, మానడం డాక్టరుతో మాట్లాడాకే.

చివరి మెట్టు: రెండు రకాల పరీక్ష

మొదట రెండో మెట్టులోని జాబితాను పక్కన పెట్టుకోండి. మీ రాతలోని ఒక్కో వాక్యానికి ఎదురుగా అది ఏ నంబరు సంగతి నుంచి వచ్చిందో రాయండి. నంబరు దొరకని వాక్యం మీరు కలిపినది. మూడో మెట్టులో పేపరు లోపలి నుంచి తెచ్చినదైతే పేజీ రాసుకోండి, కాకపోతే కొట్టెయ్యండి. ఏ వాక్యానికీ చెందని నంబరు మిగిలితే అది జారిపోయినట్టు. కావాలనే వదిలారా, పొరపాటున పోయిందా తేల్చుకోండి. ఆ తర్వాత జాబితానూ రాతనూ కలిపి ఆ రంగం తెలిసినవారికి పంపండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే పరిభాష మళ్లీ చేర్చి పంపిస్తారు. ‘ఏ వాక్యం తప్పు?’ అని మాత్రమే అడగండి.

రెండో పరీక్ష మొదటి మెట్టులో అనుకున్న లాంటి మనుషులతో. ముగ్గురి నుంచి ఐదుగురు చాలు. ‘అర్థమైందా?’ అని అడగొద్దు, ఎవరైనా మర్యాదకు అర్థమైందనే అంటారు. కాగితం వెనక్కి తీసుకుని ఇవి అడగండి: ఇది ఎవరెవరికి వర్తించదు? వెయ్యి మందిలో ఎంతమందికి మేలు జరిగింది? కిడ్నీ గురించి ఏం చెప్పారు? మీ అమ్మగారికి బీపీ 135 ఉంటే, ఇది చదివాక మీరేం చేస్తారు?

జవాబులు ఎటు తప్పితే ఏ వాక్యాన్ని దిద్దాలో తెలుస్తుంది. ‘నూటికి పాతిక’ అంటే ఎక్కడో శాతం మిగిలిపోయిందన్నమాట. ‘కిడ్నీలు పోతాయట’ అంటే ‘అకస్మాత్తుగా దెబ్బతినడం’ అన్నది సరిపోలేదు, దాని పక్కన ‘శాశ్వతంగా పాడవడం కాదు’ అన్న మాట కావాలి. ‘ఇంకో మాత్ర వేస్తాం’ అంటే చివరి వాక్యాన్ని పైకి తీసుకెళ్లాలి. ఇద్దరు ఒకేచోట తప్పితే తప్పు వాక్యానిదే, వాళ్లది కాదు. దిద్దాక మళ్లీ చూపించేది మాత్రం కొత్తవారికి. మొదట చదివినవారికి మీ ప్రశ్నల వల్లే సంగతి తెలిసిపోయి ఉంటుంది, వాళ్ల జవాబు ఇక మీ వాక్యం గురించి ఏమీ చెప్పదు.